ఇంటి మూలకు మట్టం ఎప్పుడు పట్టాలి: ఉపగ్రహ చిత్రం మీద ఇళ్లు గీయడానికి ఏ పనిముట్టు?

మేస్త్రీల్లో రెండు రకాలు. ఒకాయన మొదటి వరుస ఇటుక పేర్చేటప్పుడే మూలమట్టం పెడతాడు, కర్ణాలు రెండూ టేపు పట్టి కొలుస్తాడు, సమానంగా వస్తేనే తాపీ ముందుకు కదుపుతాడు. ఇంకొకాయన గోడ లేపేస్తాడు. తేడా కనబడితే ప్లాస్టరింగులో సర్దేద్దాం అంటాడు. ఉపగ్రహ చిత్రం మీద ఇళ్ల హద్దులు గీసే పనిముట్లను కూడా నేను ఈ రెండు రకాలుగానే చూస్తాను. గీసేటప్పుడే మూలను లంబకోణంలో ఉంచేవి కొన్ని. చేతికొచ్చినట్టు గీశాక మీట నొక్కి సరిచేసేవి మరికొన్ని. ఫలానా సాఫ్ట్‌వేర్ మంచిదా చెడ్డదా అన్న వాదన కంటే ఈ తేడా పట్టుకుంటే ఎంపిక తేలిక.

కాకినాడలో ఒక నివాసుల సంఘం వాళ్లు డ్రైన్లు, కుళాయి కనెక్షన్లు ఏ ఇంటికి ఎలా ఉన్నాయో రాసుకోవడానికి ఇళ్ల ఆకారాలన్నీ ఉన్న మ్యాపు పొర, అంటే లేయర్, కావాలన్నారు. కాకినాడ పాత పేటల వీధులు తెలిసినవే కదా, గళ్ల నోటుబుక్కులా నిలువు అడ్డం కోసుకుంటాయి. మొదట తీసుకున్న బ్లాకులో వీపు వీపు ఆనించుకున్న రెండు వరుసల్లో 44 ఇళ్లున్నాయి. 36 మామూలు దీర్ఘచతురస్రాలు, ఐదు ఎల్ ఆకారం. మిగిలిన మూడూ వీధి వంపు తిరిగే చోట, స్థలం ఎలా ఉంటే అలా కట్టిన వాలు ఇళ్లు. ఈ సలహా అంతా ఆ బ్లాకు మీద చేసిన పనిలోంచి వచ్చిందే.

## ముందు తేల్చుకోవలసింది: గీసింది ఎక్కడికి వెళ్తుంది?

పనిముట్టు కంటే ముందు ఈ ప్రశ్న. ఎందుకంటే కింద పరిచే చిత్రం మీద హక్కు వేరేవాళ్లది. బింగ్, ఎస్రీ తమ చిత్రాలను ఎవరైనా గీసి చేర్చగలిగే ఉమ్మడి ప్రపంచ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీయడానికి వాడుకోనిస్తున్నాయి. ఆ అనుమతి ఆ పనికే. అదే చిత్రాన్ని మన కంప్యూటర్లో తెరిచి, మన సొంత ఫైల్లోకి గీసుకుంటే ఆ అనుమతి కిందికి రాదు. ఇక గూగుల్ ఉపగ్రహ చిత్రం మీద గీసి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టడం కుదరదు. ఎంత స్పష్టంగా కనిపించినా సరే, దాన్ని పక్కన పెట్టాల్సిందే.

రెండో వైపు ఇంకో చిక్కుంది. ఇంటి యజమాని పేరు, పన్ను బాకీ, కుళాయి నంబరు లాంటివి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పెట్టకూడదు. అందుకని మేం పనిని రెండుగా చీల్చాం. ఇళ్ల ఆకారాలు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనే గీశాం. తర్వాత మ్యాపులు చేసే ఉచిత ప్రోగ్రాము క్యూజీఐఎస్‌లో `QuickOSM` ప్లగిన్‌తో `building` అని అడిగి ఆ ఆకారాలు దించుకున్నాం. కుళాయిలు, డ్రైన్ల వివరాలు వేరే పట్టికలో ఉంచి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఇచ్చే ఇంటి ఐడీ నంబరుతో జతచేశాం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా ఓడీబీఎల్ లైసెన్సు కింద వస్తుంది కాబట్టి మ్యాపు అచ్చువేసినప్పుడు దాని పేరు రాయాలి. ఒక జాగ్రత్త: ఎవరైనా ఆ ఇంటిని చెరిపి మళ్లీ గీస్తే ఐడీ మారిపోతుంది. అందుకే మా పట్టికలో ఐడీతో పాటు సంఘం వాళ్ల ఇంటి వరుస నంబరు కూడా పెట్టుకున్నాం.

సొంతంగా డ్రోన్ ఎగరేయించి తీసిన చిత్రం ఉంటే కథ వేరు. అప్పుడు చిత్రం మీది, ఫైలు మీది. నేరుగా క్యూజీఐఎస్‌లో గీసుకోవచ్చు.

## ఎంత వంకరైతే వంకర?

మూలలు సరిగ్గా 90 డిగ్రీలు ఉండాలని పట్టుబట్టేముందు, చిత్రం ఎంత వరకు చెప్పగలదో చూడాలి. మన వైపు బాగా తెలిసిన 150 గజాల స్థలం తీసుకోండి, 30 అడుగులు × 45 అడుగులు. మీటర్లలో 9.1 × 13.7. స్థలం నిండా ఇల్లు కట్టారనుకుందాం. ఆ పొడుగు గోడ ఒక డిగ్రీ వాలితే రెండో కొసలో వచ్చే తేడా 24 సెంటీమీటర్లు. చిత్రంలో ఒక పిక్సెల్ 50 సెంటీమీటర్లయితే అది అర పిక్సెల్. అంటే కంటికి అందదు. రెండు డిగ్రీలకు ఒక పిక్సెల్ తేడా వస్తుంది, అదీ చెట్టు నీడలో కలిసిపోతుంది. ఐదు డిగ్రీలు దాటితేనే తేడా 1.2 మీటర్లు అయి, చిత్రం చూడగానే తెలుస్తుంది.

కాబట్టి నా నియమం: రెండు డిగ్రీల లోపు తేడా నా చేతి వణుకే తప్ప ఇంటి వంకర కాదు, చదరం చేసేస్తాను. ఐదు దాటితే ఇల్లే వాలుగా ఉందని నమ్మి అలాగే వదిలేస్తాను. మధ్యలోవి వీధిలోకి వెళ్లి చూడాల్సినవి.

ఈశాన్యం సంగతేమిటని సంఘంలో ఒక పెద్దాయన అడిగారు. మంచి ప్రశ్నే. వాస్తు కోసం ఈశాన్యం మూల నాలుగంగుళాలు పెంచి కట్టిన ప్రహరీలు, ఇళ్లు మన దగ్గర కొల్లలు. వాటికి నిజంగానే మూలలు 90 డిగ్రీలు ఉండవు. కానీ నాలుగంగుళాలంటే 10 సెంటీమీటర్లు, ఉపగ్రహ చిత్రంలో పిక్సెల్‌లో ఐదో వంతు. దాన్ని గీయాలని ప్రయత్నించడం వృథా. 5 సెంటీమీటర్ల పిక్సెల్ ఉన్న డ్రోన్ చిత్రంలో మాత్రం అది రెండు పిక్సెళ్లు అవుతుంది, అక్కడ ఈశాన్యానికి గౌరవం ఇవ్వొచ్చు.

## ఐడీ ఎడిటర్: గీశాక సర్దే దారి

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వెబ్‌సైటులో `Edit` నొక్కగానే బ్రౌజర్లోనే తెరుచుకునే ఎడిటర్ పేరు ఐడీ. ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. `3` నొక్కి నాలుగు మూలల మీద క్లిక్ చేసి మూసేయాలి. తర్వాత `Q` నొక్కితే మూలలు లంబకోణాలవుతాయి. కొత్తగా వచ్చినవాళ్లకు పది నిమిషాల్లో నేర్పొచ్చు. మా సంఘంలో ఇద్దరు కాలేజీ పిల్లలు ఇలాగే మొదలుపెట్టారు.

చిక్కు ఎక్కడంటే, `Q` మీరు పెట్టిన నాలుగు బిందువులనూ సమానంగా నమ్ముతుంది. మూడు మూలలు స్పష్టంగా ఉండి నాలుగోది వేపచెట్టు కింద ఉందనుకోండి. ఆ మూలను మీరు మీటరు పక్కన పెట్టారు. మీట నొక్కగానే ఆ తప్పు పోదు, మిగిలిన మూడు మూలలకూ పంచబడుతుంది. మూలలు 90 డిగ్రీలకు వస్తాయి, ఇల్లు మొత్తం ఒక డిగ్రీ పైచిలుకు తిరిగి కూర్చుంటుంది. చూడటానికి శుభ్రంగా ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పట్టుకునే ఉపాయం ఒకటే: వెనక్కి జూమ్ చేసి వీధి వెంట చూడండి. వరుసలో ఇళ్లన్నీ రోడ్డుకు సమాంతరంగా ఉంటే మంచిదే. పళ్ల వరుసలో ఎగుడుదిగుడు పళ్లలా ఒక్కో ఇల్లు ఒక్కో వైపు తిరిగితే అది `Q` పనే.

గోడ కలిసిన ఇళ్ల దగ్గర ఇంకో ఇబ్బంది ఉంది. రెండిళ్లకూ ఒకే బిందువు ఉమ్మడిగా ఉంటే, ఒకదాన్ని చదరం చేస్తే ఉమ్మడి మూల కదిలి పక్కిల్లు వంకర అవుతుంది. దాన్ని సరిచేస్తే మొదటిది మళ్లీ కదులుతుంది. పది ఇళ్ల వరుసలో ఈ తగువు తీర్చడం కంటే చెరిపి మళ్లీ గీయడం మేలు.

విడివిడిగా ఉన్న పాతిక ఇళ్ల వరకూ, అదీ అప్పుడప్పుడూ గీసేవాళ్లకు, ఐడీ చాలు. అంతకు మించితే కింద చెప్పేది చూడండి.

## జోసమ్: ముందే మట్టం పెట్టే దారి

జోసమ్ కూడా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీయడానికే, కానీ ఇది కంప్యూటర్లో వేసుకునే ప్రోగ్రాము. చూడటానికి పాతకాలపు ముఖం, మెనూలు భయపెడతాయి, నిజమే. కానీ దాంట్లో `buildings_tools` ప్లగిన్ వేసుకున్నాక మా 36 దీర్ఘచతురస్రాలకు దాన్ని మించింది నాకు దొరకలేదు.

`B` నొక్కి, బాగా కనిపించే పొడుగు గోడ ఒక కొసనుంచి రెండో కొసకు లాగాలి. తర్వాత ఇంటి వెడల్పు వైపు మౌస్ జరిపితే దీర్ఘచతురస్రం దానంతటదే తెరుచుకుంటుంది. ఎదుటి గోడ దగ్గర క్లిక్ చేస్తే అయిపోయింది, `building=yes` కూడా అదే రాసేస్తుంది. మూల వంకర అయ్యే వీలే లేదు. ఇంకా ముఖ్యమైన మాట, ఇంటి దిక్కును నిర్ణయించేది మీరు ఎంచుకున్న ఆ ఒక్క గోడే. చెట్టు కింద దాగిన మూలకు ఓటు లేదు. ఐడీకీ దీనికీ అసలు తేడా ఇదే, వేగం తర్వాతి మాట.

అందుకే ఏ గోడతో మొదలుపెట్టాలన్నదే ఇక్కడ నైపుణ్యం. అన్నిటికంటే పొడుగుది, నీడ పడనిది, పిట్టగోడ అంచు గీతలా కనిపించేది తీసుకోవాలి. ముందు గీసిన ఇల్లు ఎంపికలో ఉండగానే తర్వాతిది గీస్తే, దాని దిక్కుకు ఇది అంటుకుంటుంది. వరుస ఇళ్లకు ఇది వరం. అయితే మొదటి ఇల్లు తప్పు దిక్కులో గీస్తే వరుసంతా ఆ తప్పునే మోస్తుంది. అందుకని మేం వరుస మధ్యలో, చుట్టూ చెట్లు లేని పెద్ద డాబాతో మొదలుపెట్టాం.

ఎల్ ఆకారం ఇళ్లకు రెండు దీర్ఘచతురస్రాలు ఒకదాని మీద ఒకటి కాస్త ఎక్కేలా గీసి, రెండూ ఎంచుకుని `Shift+J` నొక్కితే ఒక్కటవుతాయి. రెండోది మొదటిదాని దిక్కుకే గీస్తాం కాబట్టి ఆరు మూలలూ సరిగ్గా వస్తాయి. చిన్న వసారా కలపాలంటే `X` నొక్కి గోడను బయటికి లాగొచ్చు.

జోసమ్‌లోనూ `Q` ఉంది, పేరు `Orthogonalize Shape`. ఐడీలోని `Q` కంటే ఇది తెలివైనది. ఇంటితో పాటు రెండు బిందువులను కూడా ఎంచుకుని నొక్కితే ఆ రెంటి మధ్య గీతనే ఆధార దిక్కుగా తీసుకుంటుంది, అంటే చెట్టుకింది మూలకు ఇక్కడ కూడా ఓటు తీసేయొచ్చు. గోడ కలిసిన ఇళ్లన్నిటినీ ఒకేసారి ఎంచుకుని నొక్కితే వాటిని ఒక గుంపుగా సరిచేస్తుంది, పైన చెప్పిన పక్కింటి తగువు రాదు. కోణాలు 90కి మరీ దూరంగా ఉంటే చేయనని చెప్పేస్తుంది. ఆ మొండితనం నాకు నచ్చుతుంది.

## మేడ వాలు

ఉపగ్రహం నెత్తి మీద నుంచే ఫోటో తీయదు, పక్కనుంచి కూడా తీస్తుంది. అందుకని ఎత్తైన ఇంటి పైకప్పు దాని పునాది మీద కాక పక్కకు వాలినట్టు పడుతుంది. నిట్టనిలువు నుంచి 20 డిగ్రీలు పక్కకు చూస్తూ తీసిన చిత్రంలో, 10 మీటర్ల ఎత్తు మూడంతస్తుల మేడ పైకప్పు 3.6 మీటర్లు జరుగుతుంది. 9 మీటర్ల వెడల్పు స్థలంలో ఇది చిన్న తేడా కాదు, పక్కవాడి స్థలంలో మూడో వంతుకు పైగా ఆక్రమించినట్టు.

మాకు ఇది ఎలా తెలిసిందంటే, మేడ పక్కనే ఉన్న పెంకుటిల్లు గీసినప్పుడు రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. మేడకు ఆ వైపు గోడే చిత్రంలో కనిపిస్తోంది, కిటికీలతో సహా. గోడ కనిపించిందంటే వాలు ఉన్నట్టే. చేయాల్సింది: ముందు పైకప్పు అంచునే గీయండి, అదే స్పష్టంగా ఉంటుంది కాబట్టి. తర్వాత ఆ ఆకారం మొత్తాన్ని ఎంచుకుని, గోడ నేలను తాకే చోటికి లాగండి. మొత్తంగా జరిపితే మూలలు చెక్కుచెదరవు. ఒక్కో బిందువును విడిగా జరిపితే మాత్రం పెట్టిన మట్టమంతా పోతుంది. పక్కిళ్లతో గోడ కలపడం ఇది అయ్యాకే. పైకప్పులను ముందే అతికించేసుకుంటే ఎత్తు తక్కువ ఇంటినీ మేడతో పాటు ఈడ్చుకుపోతారు.

డాబా మీది మెట్ల గది, నీళ్ల ట్యాంకు, రేకుల పందిరి ఇంటి హద్దు కావు. వాటి నీడ చూసి మూల అనుకుని మోసపోవడం మా పిల్లల మొదటి రోజు తప్పుల్లో సగం.

## క్యూజీఐఎస్: ఎప్పుడు, ఏ మెలికతో

డ్రోన్ చిత్రం మీద సొంత లేయర్ గీసేవాళ్లకు, టేపుతో కొలిచిన గోడ పొడవులు చేతిలో ఉన్నవాళ్లకు ఇది సరైనది. `Shape Digitizing` పట్టీలో `Add Rectangle from 3 Points` జోసమ్‌లోని `B` లాంటిదే: రెండు క్లిక్కులు ఒక గోడ, మూడోది వెడల్పు. గీసే బిందువు పక్కింటి మూలకు అంటుకునేలా స్నాపింగ్ పెట్టుకుని `Avoid Overlap on Active Layer` ఎంచుకుంటే, పక్కింటి మీదికి కాస్త ఎక్కించి గీసినా ఎక్కిన ముక్కను తనే కోసేస్తుంది. గోడ కలిసిన వరుసల మధ్య సందులు మిగలవు.

మెలిక కొలతల పద్ధతి దగ్గర ఉంది. క్యూజీఐఎస్‌లో ఆన్‌లైన్ చిత్రం తెరిస్తే ప్రాజెక్టు సాధారణంగా `EPSG:3857` అనే కోఆర్డినేట్ పద్ధతిలో ఉంటుంది. దాంట్లో కోణాలు నిజం, పొడవులు అబద్ధం. కాకినాడ అక్షాంశం దగ్గర ప్రతి పొడవూ నాలుగున్నర శాతం ఎక్కువ చూపిస్తుంది. మీరు 30 అడుగుల గోడకు 9.14 అని టైపు చేస్తే నేల మీద వచ్చేది 8.75 మీటర్లే. అదే మన జోన్‌కు సరిపోయే `EPSG:32644`కి మారిస్తే ఈ గొడవ ఉండదు. కాకినాడ, విజయవాడ, విశాఖ, హైదరాబాద్ అన్నీ ఆ జోన్‌లోనే వస్తాయి. అనంతపురం మాత్రం పక్క జోన్, దానికి `EPSG:32643`.

ఇక `Processing`లోని `Orthogonalize`. లేయర్ మొత్తాన్ని ఒక్క దెబ్బకు చదరం చేస్తుంది కాబట్టి అందరూ దీని మీదికి ఎగబడతారు. నేను దీన్ని చివరి మందుగానే చూస్తాను, మూడు కారణాలున్నాయి. ఒకటి, అది ప్రతి ఇంటినీ విడిగా సరిచేస్తుంది, పక్కింటితో పనిలేదు. గోడ కలిసిన ఇళ్ల మధ్య సన్నని చీలికలు, ఎక్కుళ్లు పుడతాయి. రెండు, దాని `Maximum angle tolerance` మామూలుగా 15 డిగ్రీలు. 13.7 మీటర్ల గోడకు 15 డిగ్రీలంటే మూడున్నర మీటర్లకు పైన తేడా. నిజంగా వాలుగా ఉన్న మా మూడు ఇళ్లనూ అది మారుమాట లేకుండా చదరం చేసి రోడ్డు మీదికి నెట్టింది. 5కి తగ్గించాక వదిలేసింది. మూడోది లోతైన తప్పు. లేయర్ `EPSG:4326`లో, అంటే డిగ్రీల్లో ఉంటే ఈ లెక్క కూడా డిగ్రీల మీదే నడుస్తుంది. మన అక్షాంశంలో ఒక డిగ్రీ తూర్పు–పడమర దూరం, ఉత్తర–దక్షిణ దూరం కంటే తక్కువ. ఇల్లు సరిగ్గా దిక్కులకు ఉంటే నష్టం లేదు. 45 డిగ్రీలు తిరిగి ఉంటే, తెర మీద 90 అన్న మూల నేల మీద రెండున్నర డిగ్రీలు తప్పుతుంది. సరిచేశామనుకుని పాడుచేసుకోవడం ఇదే. ఎవరో గీసిన పాత లేయర్ బాగుచేయాలంటే, ముందు `EPSG:32644`లో కాపీ తీసి, 5 పెట్టి, ఆ కాపీ మీద నడపండి.

అయిపోయాక పరీక్ష. క్యూజీఐఎస్‌లో `EPSG:32644` కాపీ మీదే ఈ సూత్రంతో కొత్త దశాంశ కాలమ్ చేయండి:

```
area($geometry) / area(oriented_bbox($geometry))
```

ఇల్లు పట్టే అతి చిన్న దీర్ఘచతురస్రంలో ఇల్లు ఎంత వంతు నింపిందో ఇది చెబుతుంది. సరైన నాలుగు మూలల ఇంటికి 1 వస్తుంది. మన 150 గజాల ఇంటికి ముందు గోడ ఐదు డిగ్రీలు వాలితే 0.97 అవుతుంది, ఒక డిగ్రీ అయితే 0.994. నేను 0.98 కింద ఉన్నవి మాత్రమే తెరిచి చూస్తాను. ఎల్ ఆకారాలకు ఈ లెక్క పనికిరాదు, అందుకే `num_points($geometry) = 5` అని ముందే వడపోయాలి. నాలుగు మూలలకు ఐదెందుకంటే మొదటి బిందువునే మూసేటప్పుడు మళ్లీ లెక్కిస్తుంది.

మా 44 ఇళ్లలో అలా తేలినవి నాలుగు. మూడు ఆ వంపు దగ్గరి ఇళ్లే, ఊహించినవే. నాలుగోది పిల్లల్లో ఒకరు ఐడీలో గీసి `Q` నొక్కడం మరిచిపోయిన ఇల్లు, దాన్ని జోసమ్‌లో `B`తో మళ్లీ గీశాం. ఆ వాలు ఇళ్ల దగ్గరికి మాత్రం సాయంత్రం నడిచివెళ్లి చూశాం. మధ్య ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దావిడ, "స్థలమే వంకర నాయనా, గోడ వంకర కాదు" అంది. వాటిని అలాగే ఉంచి `nonsquare=yes` అని రాశాం. ఇలాంటి ఇంట్లో ఏ మూలైనా 90కి ఐదు డిగ్రీల లోపు తేడాతో ఉంటే ఐడీ దాన్ని హెచ్చరికగా చూపిస్తుంది, ఎక్కడో ఉన్న ఎవరో మంచి మనసుతో `Q` నొక్కేస్తారు. ఆ మాట రాసి ఉంటే ఐడీ ఆ హెచ్చరిక ఇవ్వదు.